స్టాండు మీద టీవీ, ఇంట్లో ఇద్దరు పసివాళ్లు: గోడకు డ్రిల్ వద్దంటే పడకుండా కట్టేదెలా?

మియాపూర్_నాన్న
అందరికీ నమస్కారం. మాది అద్దె ఫ్లాటు. హాల్లో 43 అంగుళాల టీవీ ఉంది. అటొకటి ఇటొకటి రెండు కాళ్ల మీద, చెక్క యూనిట్ పైన నిలబెట్టాం. యూనిట్ ఎత్తు 50 సెంటీమీటర్లు, లోతు 40, ముందు మూడు సొరుగులు. బాబుకి మూడేళ్లు, పాపకి ఏడాదిన్నర. పాప ఈమధ్య కింది సొరుగు బయటికి లాగి, అందులో కాలు పెట్టి లేచి, టీవీ పై అంచు పట్టుకుంటోంది. మొన్న సాయంత్రం టీవీ ముందుకు ఊగింది. పక్కనే ఉన్న మా ఆవిడ వెంటనే పట్టుకుంది. అప్పటి నుంచి ఒకటే టెన్షన్.

గోడకు తగిలిద్దామంటే ఓనరుగారు డ్రిల్ వెయ్యొద్దన్నారు. ఆన్‌లైన్‌లో టీవీ పడకుండా కట్టే బెల్టులు చాలా రకాలు కనిపిస్తున్నాయి. గోడ జోలికి వెళ్లకుండా టీవీని యూనిట్‌కే కట్టేస్తే సరిపోతుందా? ఎవరైనా చేసి చూసినవాళ్లు చెప్పండి.

రవి_ఎల్బీనగర్
బ్రో, ఇంత కంగారు అక్కర్లేదు. కింది సొరుగుల్లో పాత పుస్తకాలో, బియ్యం బస్తాలో పెట్టెయ్. కింద బరువుంటే పైది పడదు. అయినా ఇప్పటి ఎల్ఈడీ టీవీలు ఏడెనిమిది కిలోలే కదా. మా చిన్నప్పుడు డబ్బా టీవీలు నలభై కిలోలుండేవి, అవి నిజంగా ప్రమాదం. వీటితో అంత భయం లేదు.

లక్ష్మి_తిరుపతి
ఏడాదిన్నర పాపకి అసలు టీవీ చూపించకండి అండీ. మూడేళ్ల బాబునైనా కనీసం ఆరడుగుల దూరంలో కూర్చోబెట్టండి. దగ్గరగా చూస్తే కళ్లు అలసిపోతాయని మా డాక్టరుగారు గట్టిగా చెప్పారు.

మియాపూర్_నాన్న
లక్ష్మిగారూ, థాంక్స్ అండి. మేం పాపకి టీవీ చూపించం. టీవీ ఆఫ్ చేసి ఉన్నప్పుడే ఎక్కుతోంది. భయమంతా అది మీద పడుతుందేమోనని.

పనిముట్ల_పెట్టె
రవిగారి మాటలో సగం నిజముంది. మిగతా సగం మాత్రం ప్రమాదకరం. నేను ఇళ్లల్లో టీవీ యూనిట్లు, వార్డ్‌రోబ్‌లు బిగించే పని చేస్తాను కాబట్టి కొంచెం వివరంగా చెబుతా.

ముందు టీవీ సంగతి. 43 అంగుళాల సెట్టు 8 కిలోలు అనుకోండి. దాని బరువంతా కాళ్ల ముందు కొస నుంచి దాదాపు 10 సెంటీమీటర్లు వెనక ఉంటుంది. పాప పట్టుకునే పై అంచు యూనిట్ మీద నుంచి 60 సెంటీమీటర్ల ఎత్తులో ఉంటుంది. 8ని 10తో గుణించి 60తో భాగిస్తే 1.3 వస్తుంది. అంటే పై అంచు దగ్గర కిలోంపావు, కిలోన్నర లాగుడు చాలు, టీవీ ముందుకు ఒరగడం మొదలవుతుంది. ఏడాదిన్నర పాప 10 కిలోలుంటుంది. ఆమె అంచు పట్టుకుని కాస్త వెనక్కి వాలినా ఆ లాగుడు దాటిపోతుంది. టీవీ తేలికైంది కాబట్టి భయం లేదనుకుంటాం గానీ, తేలిక కాబట్టే అంత తేలిగ్గా ఒరుగుతుంది. పడేది 8 కిలోలే అయినా, పిల్ల తల కంటే ఎత్తు నుంచి గట్టి అంచుతో వచ్చి పడుతుంది.

నమ్మకం కుదరకపోతే సూట్‌కేసు తూచే చేతి కాటా ఉంటుంది కదా, దాన్ని టీవీ పై అంచుకు ఒక మెత్తని గుడ్డ పట్టీతో తగిలించి మెల్లగా ముందుకు లాగండి. ఇంకొకరు ముందు నిలబడి టీవీని పట్టుకోవడానికి సిద్ధంగా ఉండాలి. కాళ్ల వెనక కొసలు పైకి లేచే చోట కాటా ఎంత చూపిస్తుందో అదే మీ ఇంటి లెక్క.

ఇక సొరుగుల్లో బరువు. యూనిట్ లోపలి అడుగు అరలో బరువు పెడితే మంచిదే. సొరుగులో పెడితే మాత్రం, సొరుగు లాగినప్పుడల్లా ఆ బరువు కూడా ముందుకొస్తుంది. పుస్తకాలు నింపిన మూడు సొరుగులూ ఒకేసారి తెరిస్తే యూనిట్ తనంతట తానే ముందుకు వాలే పరిస్థితి వస్తుంది. పైగా అడుగున ఎంత బరువున్నా పైన రెండు కాళ్ల మీద ఊరికే నిలబడ్డ టీవీకి దానితో ఏ సంబంధమూ లేదు. యూనిట్ కదలదు, టీవీ మాత్రం జారి కిందికి వస్తుంది.

రవి_ఎల్బీనగర్
లెక్క బాగుంది అన్నా. అయితే టీవీని యూనిట్‌కి కట్టేస్తే అయిపోయింది కదా? గోడ ఎందుకు మళ్లీ?

పనిముట్ల_పెట్టె
టీవీని యూనిట్‌కి కడితే రెండూ కలిసి ఒకే వస్తువు అవుతాయి. ఆ వస్తువు మొత్తం ముందుకు పడుతుందా అన్నది తర్వాతి ప్రశ్న. మియాపూర్ నాన్నగారి యూనిట్‌నే చూద్దాం. చెక్క, సామాను కలిపి 25 కిలోలు, టీవీ 8, మొత్తం 33. లోతు 40 కాబట్టి బరువు ముందంచు నుంచి 20 సెంటీమీటర్లు వెనక ఉంటుంది. 33ని 20తో గుణిస్తే 660. ఇది దాన్ని నిలబెట్టే బలం. పాప ఒక్కతే బయటికి లాగిన సొరుగులో నిలబడితే, ముందంచుకి 25 సెంటీమీటర్ల అవతల 10 కిలోలు, అంటే 250. పడదు. అదే సొరుగులోకి మూడేళ్ల బాబు కూడా ఎక్కితే ఇద్దరూ కలిసి 24 కిలోలు, అంటే 600. అంచుకొచ్చేసింది. సొరుగు సామాను ముందుకు రావడం, ఎక్కేటప్పుడు ఊపు, ఇవేవీ నేను ఇంకా కలపలేదు. మీది పొట్టి యూనిట్ కాబట్టి ఈ మాత్రం ఆగుతుంది. నడుమెత్తు సొరుగుల బీరువా మీద టీవీ పెట్టినవాళ్లకు లెక్క ఇంకా త్వరగా తిరగబడుతుంది.

కాబట్టి రెండు కట్లు కావాలి. టీవీ నుంచి యూనిట్‌కి ఒకటి, యూనిట్ నుంచి గోడకి ఒకటి. లేదంటే టీవీ నుంచి నేరుగా గోడకి ఒకటి, యూనిట్ నుంచి గోడకి ఇంకొకటి. ఎలా చూసినా యూనిట్‌కి గోడ సాయం తప్పదు.

మియాపూర్_నాన్న
అన్నా, బెల్టు టీవీకి ఎక్కడ తగిలించాలి? టీవీ వెనక నాలుగు రంధ్రాలు ఉన్నాయి, అవేనా? స్క్రూలు బాక్సులో రాలేదు.

పనిముట్ల_పెట్టె
అవే. గోడకు తగిలించే ఫ్రేమ్ కోసం ఇచ్చిన రంధ్రాలవి. పై రెండూ వాడండి. కింది రెండింటికి కడితే లాగుడు సరిగా ఆగదు. 43 అంగుళాల సెట్లకు ఎక్కువగా ఎం6 బోల్టులు పడతాయి, కానీ మీ మోడల్ మాన్యువల్‌లో చూసి తీసుకోండి. కొన్నిటికి ఎం4, పెద్దవాటిలో కొన్నిటికి ఎం8 ఉంటాయి.

పొడవు దగ్గరే చాలామంది తప్పటడుగు వేస్తారు. బోల్టు మరీ పొడవైతే లోపలి బోర్డుకో, తెరకో గుచ్చుకుంటుంది. మరీ పొట్టిదైతే రెండు మరలే పట్టి, లాగగానే ఊడివస్తుంది. ఒక అగరుబత్తి పుల్ల తీసుకుని రంధ్రంలో ఆగేదాకా మెల్లగా దించండి. పైకి ఎక్కడిదాకా వచ్చిందో గోటితో పట్టుకుని బయటికి తీసి స్కేలుతో కొలవండి. ఆ లోతు కంటే రెండు మూడు మిల్లీమీటర్లు తక్కువ, దానికి బెల్టు పట్టీ మందం కలిపితే ఎంతో, అంత పొడవు బోల్టు కొనాలి. మొదటి నాలుగైదు చుట్లు చేత్తోనే తిరగాలి. చేత్తో తిరగకపోతే సైజు తప్పని అర్థం, స్క్రూడ్రైవర్‌తో బలవంతం చెయ్యకండి.

రెండో కొసని యూనిట్ వెనక పలకకి కొట్టకండి. చాలా యూనిట్లకి వెనక ఉండేది మూడు, ఆరు మిల్లీమీటర్ల పలచని రేకులాంటి పలక. చిన్న మేకులతో అంటించి ఉంటుంది, కాస్త లాగితే పలకంతా ఊడి చేతికొస్తుంది. బెల్టు పై పలకకి, అంటే 18 మిల్లీమీటర్ల మందమున్న దానికి, వెనక అంచు దగ్గర బిగించాలి. అది ప్లైవుడ్ అయితే మంచి చెక్క స్క్రూ పట్టుకుంటుంది. పొడిచెక్క పలక, అంటే పార్టికల్ బోర్డు అయితే స్క్రూని నమ్మకండి. వెనక అంచు నుంచి మూడు సెంటీమీటర్లు లోపలికి నిలువునా అడుగుదాకా దిగే రంధ్రం వేసి, 40 మిల్లీమీటర్ల బోల్టు దించి, కింద పెద్ద వాషర్ వేసి నట్ బిగించండి. పాప పై అంచుకి పూర్తిగా వేలాడితే ఈ బెల్టుల మీద సుమారు 20 కిలోల లాగుడు పడుతుంది. పొడిచెక్కలో చిన్న స్క్రూ ఒకటి రెండుసార్లు ఓర్చుకుంటుంది, తర్వాత చుట్టూ పొడి రాలిపోయి వదులవుతుంది.

బెల్టు బిగువుగా ఉండాలి. మీ టీవీ దాదాపు 18 డిగ్రీలు ఒరిగితే ఇక వెనక్కి రాదు. పై రంధ్రాల దగ్గర అది పన్నెండు సెంటీమీటర్ల కదలిక అంతే. బెల్టు అరచేయంత వదులుగా ఉంటే టీవీ పడుతూ మధ్యలో ఆగుతుంది, ఆ ఊపుకి బోల్టు కూడా ఊడవచ్చు. వేలితో నొక్కితే రెండు సెంటీమీటర్లకి మించి లోపలికి వెళ్లకూడదు.

ఆస్టిన్_తెలుగు
ఇక్కడ అమెరికాలో దీనికి పెద్ద ప్రచారమే జరుగుతుంది. వినియోగదారుల భద్రతా కమిషన్ వాళ్లు 2015 నుంచి 'యాంకర్ ఇట్' అని చెబుతూనే ఉన్నారు. 2022 డిసెంబరులో స్టర్డీ చట్టం వచ్చింది. 2023 సెప్టెంబరు 1 నుంచి తయారయ్యే బట్టల సొరుగుల బీరువాలు కొత్త పరీక్షలు దాటాలి. 60 పౌండ్ల వరకు బరువుండే పిల్లలు ఎక్కినప్పుడు ఏమవుతుందో చూసే పరీక్షలు కూడా అందులో ఉన్నాయి. కాకపోతే అది బట్టల బీరువాలకే, టీవీ స్టాండ్లకు కాదు. మా ఫ్రెండ్స్‌లో చాలామంది పాత బట్టల బీరువా మీదే టీవీ పెడతారు, అదే నా బాధ.

ఇక్కడ గోడలు జిప్సం బోర్డు కాబట్టి లోపలి చెక్క నిలువులు వెతికి వాటిలోకే స్క్రూ దించాలి. సాధారణంగా 16 అంగుళాలకొకటి ఉంటుంది. ఇంకో మాట. ఫర్నిచర్‌తో ఉచితంగా వచ్చే తెల్లటి ప్లాస్టిక్ జిప్ టైలు వాడకండి. కాలం గడిచాక పెళుసెక్కి తెగుతున్నాయని 2022లో అలాంటి కిట్లను పెద్ద సంఖ్యలో వెనక్కి పిలిచారు. ఇనుప బకిల్, నేసిన బెల్టు ఉన్నది కొనండి.

కొత్తిల్లు_విజయవాడ
మా ఇంట్లో వేరే కథ. టీవీని గోడకే ఫ్రేమ్‌తో బిగించారు. ఎనిమిది నెలలకి ఒక పక్క కిందికి జారింది. చూస్తే గోడలో దించిన ప్లాస్టిక్ గిట్టీలతో సహా స్క్రూలు బయటికొచ్చాయి. గోడ లైట్‌వెయిట్ బ్లాకులది. మరి ఇలాంటి గోడకి యూనిట్ కట్టడం దండగేనా?

పనిముట్ల_పెట్టె
దండగ కాదు, గోడని బట్టి గిట్టీ మారాలి అంతే. డ్రిల్ వేసేటప్పుడు రాలే పొడి చూస్తే గోడ ఏదో తెలిసిపోతుంది. మొదటి ఒకటిన్నర సెంటీమీటరు ఎలాగూ ప్లాస్టరింగ్, బూడిదరంగు ఇసుక రాలుతుంది. ఆ తర్వాత ఎర్రపొడి వస్తే ఇటుక, ఇబ్బంది లేదు. బిట్టు వెన్నలోకి దిగినట్టు దిగిపోయి తెల్లటి మెత్తని పొడి వస్తే ఏఏసీ బ్లాకు, అంటే మీరన్న లైట్‌వెయిట్ బ్లాకు. బిట్టు వేడెక్కి అరుస్తూ లోపలికి పోకపోతే కాంక్రీటు, దానికి హ్యామర్ డ్రిల్ కావాలి.

ఏఏసీలో మాత్రం హ్యామర్ మోడ్ వాడకూడదు. అది లోపల రంధ్రాన్ని వెడల్పు చేసి గిట్టీని వదులు చేస్తుంది. ఊరికే తిప్పే మోడ్‌లో వేసి, ఆ బ్లాకుల కోసమే వచ్చే పొడవైన నైలాన్ గిట్టీలు వాడాలి. హార్డ్‌వేర్ షాపులో బ్లాకు గోడ అని చెప్పి అడగండి. మామూలు 25 మిల్లీమీటర్ల గిట్టీ వేస్తే అందులో సగానికి పైగా ప్లాస్టరింగ్‌లోనే ఉండిపోతుంది. మీ గోడలో జరిగింది అదే అయి ఉంటుంది. ఇటుక గోడకైనా 8 మిల్లీమీటర్ల రంధ్రం, కనీసం 50 మిల్లీమీటర్ల గిట్టీ వేయండి.

స్విచ్‌బోర్డుకి, టీవీ ప్లగ్ పాయింటుకి సరిగ్గా పైనా కిందా వెయ్యకండి. వైర్ల గొట్టం గోడలో నిలువుగా పోతుంది. ఒక జానెడు పక్కకి జరిగి వేయండి. గోడ అవతల బాత్‌రూమ్ ఉంటే పైపులు ఎటు పోయాయో కనుక్కోవాలి.

రవి_ఎల్బీనగర్
డ్రిల్ లేకుండా జిగురుతో అంటించే పట్టీలు కూడా ఉన్నాయి. పది కిలోలు మోస్తుందని ప్యాకెట్ మీద రాశారు. అద్దె ఇంటికి అవి బెటర్ కదా?

పనిముట్ల_పెట్టె
జిగురు బలమైందే. కానీ అది పట్టుకునేది పెయింట్‌ని. పెయింట్ పట్టుకునేది పుట్టీని. పిల్ల గట్టిగా లాగితే జిగురు ఊడదు, పుట్టీతో సహా పెచ్చు లేచి వస్తుంది.

శైలజ_కాకినాడ
నేను అవే వాడుతున్నాను అండి. పెయింట్ గోడకి కాదు, టీవీ వెనక గోడకి గ్రానైట్ పలక అంటించి ఉంది, దాని మీద అంటించాం. గట్టిగా లాగి చూశాం, ఊడలేదు. అందరికీ పనికిరావనడం సరికాదేమో.

పనిముట్ల_పెట్టె
నున్నటి గ్రానైట్ మీద పెచ్చు లేచే భయం లేదు, నిజమే. కానీ పలకని గోడకి ఎలా అంటించారో, ఎండాకాలం వేడికి జిగురు ఎలా ఉంటుందో నేను హామీ ఇవ్వలేను. నెలకోసారి కాటాతో లాగి చూడండి. నా మటుకు నేను పిల్లలున్న ఇంట్లో బోల్టునే నమ్ముతాను.

తెనాలి_తాతయ్య
బాబూ, మా మనవరాలు సెలవులకి వస్తుంది. మాది పాత ఇల్లు. టీవీని వెనకున్న కిటికీ చువ్వలకి నైలాన్ తాడుతో కట్టాను. సరిపోతుందా?

పనిముట్ల_పెట్టె
తాతగారూ, కిటికీ చువ్వ మంచి ఆధారం, చాలా గోడ గిట్టీల కన్నా గట్టిది. నైలాన్ తాడు మాత్రం మెల్లగా సాగుతుంది, ముడి జారుతుంది. ఇవాళ బిగువుగా ఉన్నది నెల తిరిగేసరికి వదులవుతుంది. బకిల్ ఉన్న బెల్టు వేస్తే ఎప్పటికప్పుడు లాగి బిగించుకోవచ్చు. బెల్టు టీవీ రంధ్రాల ఎత్తులోనో, కాస్త కిందికో చువ్వని తాకేలా చూడండి. మనవరాలు వచ్చే ముందురోజు ఒకసారి ముందుకు లాగి చూస్తే చాలు.

లక్ష్మి_తిరుపతి
ఇంకో విషయం అండి. మా ఇంట్లో టీవీ కింద లేసు గుడ్డ పరిచేవాళ్లం, అంచు ముందుకి వేలాడేది. పాకే పిల్లలు మొదట పట్టుకునేది దాన్నే. గుడ్డతో పాటు టీవీ కూడా జారుతుంది. అది తీసేయండి. యూనిట్ మీద కొండపల్లి బొమ్మలు, రిమోట్, ఫోను ఛార్జింగ్ కూడా పెట్టకండి. మా తోటికోడలి కొడుకు ఎక్కేది రిమోట్ కోసమే. రిమోట్ సోఫా పక్కకి మార్చాక ఎక్కడం చాలావరకు తగ్గింది.

పిల్లలవార్డు_నర్సు
లక్ష్మిగారు చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. నాది ఒక్క మాట. టీవీ ఎప్పుడైనా పిల్లల తల మీద పడితే, ఏడ్చి ఊరుకున్నారు కదా అని వదిలెయ్యకండి. స్పృహ తప్పినా, పదేపదే వాంతులైనా, మామూలుగా నిద్రపోని వేళలో మగతగా ఉన్నా, ముక్కులోంచి చెవిలోంచి రక్తమో నీళ్లలాంటి ద్రవమో వచ్చినా, ఫిట్స్ వచ్చినా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి. బయటికి ఏమీ కనిపించకపోయినా, బరువైన వస్తువు తల మీద పడిందంటే అదేరోజు డాక్టరుకి చూపించండి.

మియాపూర్_నాన్న
అందరికీ థాంక్స్. ఓనరుగారితో మాట్లాడాను. టీవీ తగిలించడానికి కాదు, యూనిట్ వెనక కనపడని చోట రెండే రంధ్రాలు, ఖాళీ చేసేటప్పుడు పుట్టీ పెట్టి రంగేస్తాం అని చెప్పి, పాప ఎక్కుతున్న వీడియో చూపించాను. ఒప్పుకున్నారు.

కాటాతో చూశాను, టీవీ కిలోన్నర దగ్గరే లేచింది. మా ఆవిడ ఆ అంకె చూసి అక్కడికక్కడే టీవీని దించి మంచం మీద పెట్టేసింది. మా పై పలక పొడిచెక్కది, అందుకే బోల్టు, వాషర్ వేయించాను. బెల్టులు కట్టాక కాటాతో 12 కిలోల దాకా లాగినా టీవీ కదల్లేదు. గోడ నుంచి ఎర్రపొడే వచ్చింది.

ఒక ఇబ్బంది మిగిలింది. గోడ కింద స్కర్టింగ్ టైలు ఉండటంతో యూనిట్ గోడకి ఆనడం లేదు. పైన ఒకటిన్నర సెంటీమీటరు ఖాళీ ఉంది. ఎల్ పట్టీ గోడకి బిగిస్తే యూనిట్ వెనక్కి ఒరుగుతోంది, ముందు కాళ్లు కాస్త లేస్తున్నాయి.

పనిముట్ల_పెట్టె
పట్టీ వంచి లాగకండి. ఖాళీ ఎంతుందో అంత మందం చెక్కముక్క, లేదా రెండు ప్లైవుడ్ ముక్కలు కలిపి, గోడకీ యూనిట్‌కీ మధ్య పట్టీ ఉన్న చోట పెట్టండి. గోడ స్క్రూ ఆ ముక్క గుండానే పోవాలి. అప్పుడు స్క్రూ పొడవు ఆ ఒకటిన్నర సెంటీమీటరు పెరగాలని మర్చిపోకండి, లేకపోతే గోడలో దిగేది తగ్గిపోతుంది. పట్టీ రెండో వైపు కూడా పై పలక అడుగున 18 మిల్లీమీటర్ల చెక్కకే బిగించాలి, వెనక పలకకి కాదు.

సొరుగులకి పిల్లల లాక్ పెట్టారా?

మియాపూర్_నాన్న
కింది సొరుగుకి పెట్టాను. బాబు రెండో రోజే దాన్ని తియ్యడం నేర్చుకున్నాడు. ఇప్పుడు వాడే పాపకి తీసిస్తున్నాడు.

శైలజ_కాకినాడ
మా ఇంట్లోనూ అంతే. అయస్కాంతం తాళం అయితే బయటికి ఏమీ కనిపించదు, కాబట్టి పిల్లలకి అంతుపట్టదు. కానీ ఆ అయస్కాంతం ఎక్కడ పెట్టామో మేమే వెతుక్కుంటున్నాం. ఎవరైనా ఇంతకంటే మంచిది వాడుతుంటే చెప్పండి.

కడప_చందు
అన్నా, మాది 65 అంగుళాల టీవీ, చక్రాల స్టాండు మీద ఉంది. గదుల మధ్య తిప్పుతుంటాం. గోడకి కట్టలేం. మాకేంటి మార్గం?

పనిముట్ల_పెట్టె
చందు, చక్రాల స్టాండుని పసిపిల్లలున్న ఇంట్లో కదిలేలా వదలడం నాకిష్టం లేదు. ఒక గదిలో ఒక చోటు ఖాయం చేసుకుని అక్కడ గోడకి కొక్కెం, స్టాండు కంబానికి బెల్టు పెట్టుకుంటే, జరపాలనుకున్నప్పుడే బకిల్ విప్పొచ్చు. చక్రాలకి బ్రేకులున్నాయా, అడుగు ఫ్రేమ్ ముందుకి ఎంత పొడుచుకొచ్చిందో కొలిచి పక్క నుంచి ఒక ఫొటో పెట్టు. అది చూడకుండా ఏం చెప్పినా గాల్లో చెప్పినట్టే.